సెర్చ్‌లో యూరో 1.10 డాలర్లు, బ్యాంకులో 1.1385. ఏది నమ్మాలి?

చక్రి

సూటిగా విషయానికి వస్తా. ఒక కోర్సు ఫీజు 2000 యూరోలు కట్టాలి. నా దగ్గరున్నవి డాలర్లు. సెర్చ్‌లో కొడితే 1 యూరో = 1.1000 డాలర్లు అని వచ్చింది, సరే 2200 డాలర్లు అవుతుందని లెక్కేసుకుని కూర్చున్నా. తీరా బ్యాంకు యాప్ తెరిస్తే రేటు 1.1385, అది కాక ట్రాన్స్‌ఫర్ ఛార్జీ 25, మొత్తం 2302. ఇదేంట్రా బాబూ అని ఒక మనీ ఛేంజర్ దగ్గరికి వెళ్తే బోర్డు మీద యూరో పక్కన రెండు అంకెలున్నాయి, 1.0300 అని ఒకటి, 1.1550 అని ఒకటి. కింద పెద్దక్షరాలతో "కమిషన్ లేదు". కమిషన్ లేనివాడి దగ్గరే రేటు ఇంకా ఎక్కువ!

సెర్చ్‌లో చూపించేది తప్పా, వీళ్ళు చెప్పేది తప్పా? ఆ 1.10కి ఇచ్చేవాడు ఎక్కడైనా ఉంటే చెప్పండి, అక్కడికే పోతా.

సుబ్బు

సింపుల్ బ్రో. సెర్చ్‌లో కనిపించేది లైవ్ రేటు కాదు, కాస్త పాతది. నువ్వు చూసేసరికి మార్కెట్ కదిలిపోయి ఉంటుంది. బ్యాంకుది ఇప్పటి రేటు. అందుకే తేడా. పేజీ రిఫ్రెష్ చేసి చూడు, దగ్గరకొచ్చేస్తుంది.

చక్రి

పొద్దున్నించీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నా సుబ్బు. సెర్చ్‌లో 1.0990 నుంచి 1.1010 మధ్యే తిరుగుతోంది. బ్యాంకు మాత్రం 1.1385 దగ్గర కూర్చుని కదలట్లేదు. నువ్వు చెప్పింది నిజమైతే కదలాల్సింది బ్యాంకు రేటు కదా?

పాత డీలర్

ఒక బ్యాంకు ట్రెజరీలో విదేశీ మారకం డెస్కు మీద చాలాకాలం పనిచేశాను, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

సుబ్బు గారన్న ఆలస్యం ఉండే మాట నిజమే. కానీ యూరో–డాలర్ మామూలు రోజున ఒక్క శాతం కదిలితేనే డెస్కు మీద హడావుడి. చక్రి గారికి కనిపిస్తున్న తేడా మూడున్నర శాతం, అది కూడా రోజంతా ఒకేలా. ఆలస్యం వల్ల వచ్చే తేడా అయితే ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉండాలి. ఎప్పుడు చూసినా మీకు నష్టం వైపే ఉందంటే అది ఆలస్యం కాదు, మార్జిన్.

బ్యాంకులు తమలో తాము కొనీ అమ్మే చోట లావాదేవీలు మిలియన్లలో ఉంటాయి. అక్కడ ఒక్క క్షణంలో స్క్రీన్ మీద రెండు ధరలు కనిపిస్తాయి. యూరోలు కొంటాననేవాడు 1.0999 అంటాడు, అమ్ముతాననేవాడు 1.1001 అంటాడు. సెర్చ్‌లో మీకు చూపించే 1.1000 ఈ రెంటికీ నట్టనడుమ అంకె. డెస్కు మీద మేం మిడ్ రేటు అనేవాళ్ళం. చూడండి, ఆ అంకె దగ్గర అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు. మిలియన్లు పట్టుకుని వెళ్ళిన బ్యాంకుకి కూడా 1.1001 పడుతుంది. అంటే సెర్చ్ ఇంజిన్ తప్పు చెప్పట్లేదు, కానీ అది ఎవరూ మీకు ఇస్తానన్న ధర కూడా కాదు. దానికి అమ్మే సరుకు లేదు, కొలబద్ద మాత్రం ఇస్తోంది.

లెక్కల పురుగు

అంటే హోల్‌సేల్ ధర, రిటైల్ ధర తేడా లాంటిదే కదండీ. హోల్‌సేల్ ధర పేపర్లో చదివి కిరాణా కొట్టులో అదే ధర అడిగినట్టు.

పాత డీలర్

దాదాపు అంతే, కాకపోతే ఇది హోల్‌సేల్ ధర కూడా కాదు, హోల్‌సేల్ వాడు కొనే ధరకీ అమ్మే ధరకీ సగటు. పెద్ద కరెన్సీల్లో ఆ తేడా పట్టించుకోనంత చిన్నది కాబట్టి మీ పోలిక నడుస్తుంది. అరుదుగా చేతులు మారే కరెన్సీల్లో మాత్రం హోల్‌సేల్‌లోనే ఆ రెండు ధరల మధ్య దూరం బాగా ఉంటుంది, అప్పుడు మధ్య అంకె నమ్ముకుంటే మోసపోతారు.

నాని

గురువుగారూ ఒక్క నిమిషం. చక్రి బ్రో బోర్డు మీద 1.0300 కూడా ఉందన్నాడు కదా? అది సెర్చ్ రేటు కన్నా తక్కువ. ఆ రేటుకి 2000 యూరోలు తీసుకుంటే 2060 డాలర్లే! పైగా మిగిలినవి మళ్ళీ బ్యాంకులో 1.10కి అమ్మేస్తే లాభం కూడా. ఎవరూ ఈ సంగతి ఎందుకు మాట్లాడట్లేదు? ఇది రోజూ చేసుకోవచ్చుగా.

కౌంటర్ వెనక

నాని గారు, మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఇది :) ఆ 1.0300 అనేది మేం మీ దగ్గర యూరోలు *కొనే* రేటు. బోర్డు మీద కొనుగోలు, అమ్మకం అని రాసేది మా వైపు నుంచి. మీరు యూరోలు కావాలని వస్తే మేం అమ్ముతున్నాం, కాబట్టి 1.1550. మీ దగ్గర మిగిలిన యూరోలు తెచ్చిస్తే మేం కొంటున్నాం, కాబట్టి 1.0300. ఎటు నుంచి వచ్చినా మీకు గిట్టని అంకే మీది అనుకోండి, ఎప్పుడూ పొరబడరు.

ఇంకోటి. చక్రి గారు ఫీజు కట్టాలన్నారు. మేం ఇచ్చేది నోట్లు. 2000 యూరోల నోట్లు చేతిలో పెట్టుకుని కోర్సు ఫీజు ఎలా కడతారు? మా బోర్డుకీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రేటుకీ పోలికే లేదు, రెండూ వేరే సరుకులు.

చక్రి

అవును, ఆ మాట నిజం. ఛేంజర్ లెక్క పోల్చి చూద్దామని వెళ్ళానంతే. కానీ నోట్లకి అంత ఎక్కువెందుకు? యూరో యూరోనే కదా, నోటైతేనేం, ఖాతాలో అంకె అయితేనేం.

కౌంటర్ వెనక

ఖాతాలో అంకెకి బరువు లేదు, నోటుకి ఉంది. యూరో నోట్ల కట్టలు మేం పెద్ద డీలర్ దగ్గర కొనాలి, వాడి మార్జిన్ వాడిది. అవి బీమాతో, కాపలాతో రావాలి. వచ్చాక లెక్క, దొంగనోట్ల తనిఖీ, లాకరు. అమ్ముడయ్యేదాకా మా డబ్బు ఆ కాగితాల్లో ఇరుక్కుని ఉంటుంది, వడ్డీ రాదు. ఈలోపు యూరో పడిపోతే నష్టం మాదే. ఇక కొనే వైపు ఇంకా కష్టం, ఎందుకంటే మీరు తెచ్చిన నోట్లు చిరిగి ఉండొచ్చు, నకిలీవి ఉండొచ్చు, ఇంకో కస్టమర్ వాటిని అడిగేదాకా డబ్బాలో పడి ఉండొచ్చు. అందుకే చూడండి, చక్రి గారు చెప్పిన బోర్డులో అమ్మే రేటు 1.10 కన్నా 5 శాతం పైన ఉంది, కొనే రేటు 6 శాతానికి పైగా కింద ఉంది. నాణేలైతే మాలో చాలామంది ముట్టుకోరు కూడా.

మా వాళ్ళందరూ శుద్ధపూసలని కాదు. ప్రయాణికులకి వేరే దారి లేని చోట కౌంటర్ పెట్టినవాడు ఇంకా గుంజుతాడు, అక్కడ అద్దె ఎక్కువ అన్నది సగం కారణం మాత్రమే.

సుబ్బు

సరే నోట్ల సంగతి అర్థమైంది. బ్యాంకుకి లాకరు లేదు, కాపలా లేదు, కంప్యూటర్లో రెండు అంకెలు మార్చడమే. దానికి మూడున్నర శాతమా? ఇది దోపిడీ కాక ఇంకేంటి?

పాత డీలర్

దోపిడీ అనాలనుకుంటే అనండి, కానీ ఎక్కడెక్కడ చేరుతుందో చూసి అనండి.

పొద్దున మార్కెట్ చూసి ట్రెజరీ ఒక రేట్ల పట్టిక తయారుచేసి బ్రాంచీలకి పంపుతుంది. కార్డు రేటు అంటారు, దీనికీ ప్లాస్టిక్ కార్డుకీ సంబంధం లేదు. చాలాచోట్ల ఆ పట్టిక రోజుకి ఒక్కసారి, మార్కెట్ బాగా కదిలితే రెండోసారి మారుతుంది. చక్రి గారి యాప్‌లో 1.1385 కదలకుండా కూర్చోవడానికి కారణం అదే. పొద్దున రేటు పెట్టి సాయంత్రం దాకా అదే రేటుకి అమ్ముతానని మాటిచ్చినట్టు కదా, మధ్యలో యూరో పెరిగితే బ్యాంకు మునుగుతుంది. ఆ భయానికి ముందే కొంత కలుపుతారు. దాని మీద బ్యాంకు లాభం. చిన్న మొత్తం తెచ్చేవాడికీ పెద్ద మొత్తం తెచ్చేవాడికీ కాగితాల పని ఒకటే, ఆ ఖర్చు కూడా అందులోనే.

నిజానికి ఇందులో భయం వాటా చిన్నది, లాభం వాటా పెద్దది. అడగకుండా తీసుకునేవాడి కోసం పెట్టిన రేటు అది. నేను డెస్కు మీద ఉన్నప్పుడు కార్డు రేటుకే లావాదేవీ చేసుకునే కంపెనీ ఒక్కటీ చూడలేదు. వాళ్ళు ఫోన్ చేసి ఆ నిమిషం రేటు అడుగుతారు, దాన్నే డీల్ రేటు అంటారు, బేరమాడతారు, మార్జిన్ ఒక్క శాతంలో చిన్న ముక్కకి వచ్చేది. మామూలు ఖాతాదారుడు అడగడు, ఎందుకంటే అడగొచ్చని అతనికి ఎవరూ చెప్పరు. చక్రి గారూ, బ్రాంచికి వెళ్ళి "కార్డు రేటు కాదు, డీల్ రేటు ఇప్పించండి" అని అడిగి చూడండి. 2000 యూరోలు వాళ్ళకి చిన్న మొత్తమే, ఇవ్వకపోవచ్చు. పోయేదేం లేదు.

హిమజ

నాది కొంచెం వేరే సమస్య, కానీ ఇక్కడే అడుగుతా. కార్డు మీద 400 యూరోలకి హోటల్ బుక్ చేశా. తర్వాత రద్దు చేస్తే వాళ్ళు పూర్తిగా 400 యూరోలు వెనక్కి వేశారు, ఆ మెయిల్ కూడా ఉంది. కానీ నాకు పోయింది 454.02 డాలర్లు, తిరిగొచ్చింది 438.40. పదిహేను డాలర్లు ఎవరు తిన్నారు? హోటల్ వాళ్ళని అడిగితే మేం పూర్తిగా ఇచ్చేశాం అంటారు, బ్యాంకు వాళ్ళు రేటు మారింది అంటారు. రెండు రోజులూ సెర్చ్‌లో చూశాను, రేటు అంతగా ఏం మారలేదు.

లెక్కల పురుగు

హిమజ గారు, స్టేట్‌మెంట్‌లో 454.02 ఒకే లైనులో ఉందా, రెండు లైన్లుగా ఉందా?

హిమజ

ఇప్పుడు తెరిచి చూశా. రెండు లైన్లు. 440.80 ఒకటి, కింద "విదేశీ లావాదేవీ రుసుము" అని 13.22.

లెక్కల పురుగు

దొరికింది. 440.80ని 400తో భాగిస్తే 1.1020, సెర్చ్ రేటుకి చాలా దగ్గర. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌ల రేటు సాధారణంగా మిడ్‌కి దగ్గరగానే ఉంటుంది, వాళ్ళ సైట్లలో తేదీ ఇచ్చి చూసుకోవచ్చు కూడా. ఆ 13.22 అంటే సరిగ్గా 3 శాతం, అది మీ బ్యాంకు వేసుకున్నది. తిరిగొచ్చిన 438.40 అంటే 1.0960 రేటు. కాబట్టి రేటు తేడా వల్ల పోయింది 2.40 మాత్రమే. మిగతా 13.22 రుసుము, రద్దయినా వెనక్కి రాలేదు. బ్యాంకు మీతో చెప్పిన "రేటు మారింది" అనేది ఆరో వంతు నిజం :)

హిమజ

మరి లావాదేవీయే లేనప్పుడు రుసుము ఎందుకు పట్టుకోవాలి?!

పాత డీలర్

కొన్ని బ్యాంకులు వెనక్కిస్తాయి, కొన్ని ఇవ్వవు. కార్డు నిబంధనల్లో వాపసు గురించి ఏం రాసి ఉందో చూసి, ఆ లైను చూపించి రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, కార్డులో రేటు మీరు గీకిన రోజుదే అని చెప్పలేం, నెట్‌వర్క్ దగ్గర ఆ లావాదేవీ ప్రాసెస్ అయిన రోజుది కావచ్చు. రెండు మూడు రోజులు తేడా ఉండొచ్చు. అందుకే సెర్చ్‌లో ఆ రోజు రేటు చూసి పోలిస్తే ఒక్కోసారి కుదరదు.

వెన్నెల

కార్డు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. విదేశంలో కార్డు పెడితే మెషిన్ ఒక్కోసారి "మీ కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడుగుతుంది. మన కరెన్సీ అంకె చూస్తే హాయిగా అనిపిస్తుంది, కానీ అప్పుడు రేటు పెట్టేది నెట్‌వర్క్ కాదు, ఆ కొట్టు వైపు మెషిన్ కంపెనీ. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి.

నా అసలు ప్రశ్న ఇది. శనివారం సెర్చ్‌లో చూపించే రేటు ఎక్కడి నుంచి వస్తుంది? వారాంతంలో మార్కెట్ ఉండదు కదా?

పాత డీలర్

ఉండదు. న్యూయార్క్ టైము ప్రకారం శుక్రవారం సాయంత్రం 5కి ఆగి, ఆదివారం సాయంత్రం 5కి మళ్ళీ మొదలవుతుంది. ఆ రెండు రోజులూ సెర్చ్‌లో కనిపించేది ప్రధానంగా శుక్రవారం మూసేటప్పటి అంకె. కదలకుండా ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకి స్థిరంగా, నమ్మకంగా కనిపిస్తుంది. అమ్మేవాడికి మాత్రం సోమవారం ఏ రేటు దగ్గర తెరుచుకుంటుందో తెలీదు, అందుకే కొన్ని సంస్థలు వారాంతంలో మార్జిన్ పెంచుతాయి.

సుబ్బు

అంటే సెర్చ్ రేటు పాతది అన్న నా మాట కూడా కరెక్టే అన్నమాట.

లెక్కల పురుగు

శనివారం మాత్రం కరెక్టు సుబ్బు.

కౌంటర్ వెనక

వారాంతం మార్జిన్ గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. సోమవారం రేటు మీద భయం ఒక సాకు. ఆ రెండు రోజులూ వేరే కౌంటర్లు మూసి ఉంటాయి, వచ్చినవాడికి వేరే దారి లేదు. మా దగ్గర శనివారం రేటు ఎలా పెడతారో నాకు తెలుసు, మార్కెట్ గురించి ఎవరూ మాట్లాడుకోరు.

పాత డీలర్

నోట్ల కౌంటర్లో అలాగే కావచ్చు. డెస్కు మీద మాత్రం ఆ భయం నిజం. ఆదివారం తెరిచేసరికి రేటు గెంతి ఉన్న సందర్భాలు చూశాను. ఎవరిది ఎంత వాటా అన్నది బయటి నుంచి విడదీయలేం లెండి.

వెన్నెల

ఇంకో సందేహం. నా దగ్గర పెద్దగా వాడుకలో లేని రెండు కరెన్సీలు ఉన్నాయి, ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకోవాలి. సెర్చ్ రేటుకీ ఇచ్చిన రేటుకీ దాదాపు 8 శాతం తేడా. యూరోకి మూడున్నర, నాకు 8 ఎందుకు?

పాత డీలర్

ఆ రెంటినీ నేరుగా మార్చుకునేవాళ్ళు దాదాపు ఉండరు. మొదటిది ఇచ్చి డాలర్లు, ఆ డాలర్లు ఇచ్చి రెండోది. సెర్చ్ ఇంజిన్ రెండు మధ్య అంకెల్నీ కలిపి లెక్కగట్టి చూపిస్తుంది, దానికి ఖర్చేం లేదు. మీకు మాత్రం రెండుసార్లు మార్జిన్ పడుతుంది. వీలైతే ఎవరు చేసినా సరే, ఆ రెండు మెట్లకీ విడివిడిగా రేటు అడగండి, ఏ మెట్టు దగ్గర ఎక్కువ పోతోందో తెలుస్తుంది.

లెక్కల పురుగు

అసలు సెర్చ్ అంకె కొలబద్ద అన్నారు కదా, అది కూడా ఒక్కోసారి విరిగిపోతుంది. 2024 జనవరి 1న గూగుల్‌లో పోలండ్ జ్లోటీ యూరో మీద ఐదో వంతుకి పైగా పడిపోయినట్టు చూపించింది. సెలవు రోజు, మార్కెట్లే లేవు. జనం కంగారుపడితే ఆ దేశ ఆర్థిక మంత్రే స్వయంగా ఇది డేటా తప్పు, శాంతంగా ఉండండి అని పోస్టు పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది మార్చిలో మలేషియా రింగిట్ డాలరుకి 4.98 అని చూపించింది, అసలు రేటు 4.70 చుట్టూ ఉంటే. వాళ్ళ కేంద్ర బ్యాంకు ఖండన ఇచ్చింది. కాబట్టి అంకె వింతగా కనిపిస్తే ఇంకో చోట కూడా చూడండి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పనిదినాల్లో అక్కడి టైము సాయంత్రం 4 ప్రాంతంలో యూరో రేట్లు ప్రచురిస్తుంది. అది కూడా సమాచారం కోసమే, ఆ రేటుకి లావాదేవీలు చేయమని కాదు అని వాళ్ళే చెప్తారు.

చక్రి

బ్రాంచికి వెళ్ళొచ్చా. కౌంటర్లో అమ్మాయికి డీల్ రేటు అంటే అర్థం కాలేదు, లోపలికి పంపింది. లోపల మేనేజర్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి 1.1220 ఇస్తామన్నాడు, రేటు పదిహేను నిమిషాలే ఉంటుందట. 2244 + 25 = 2269. అడిగినందుకే 33 డాలర్లు తగ్గింది! కానీ సెర్చ్ రేటుకి ఇంకా 69 ఎక్కువ. ఇంకా తగ్గుతుందా, ఇక్కడితో ఆపాలా?

లెక్కల పురుగు

పోల్చేటప్పుడు రేటునీ ఛార్జీనీ విడివిడిగా చూడకండి. 2000 యూరోలు అవతల చేరడానికి మొత్తం ఎన్ని డాలర్లు పోతున్నాయో ఒక్క అంకె తీసి, దాన్ని సెర్చ్ లెక్కతో పోల్చండి.

```
(2302 - 2200) / 2200 × 100 = 4.6
(2269 - 2200) / 2200 × 100 = 3.1
```

ఇలా చూస్తే "కమిషన్ లేదు" బోర్డు పెట్టినవాడు 5 శాతం తీసుకుంటున్నాడని తెలుస్తుంది, కమిషన్ అంతా రేటులో దాక్కుంది. ఛార్జీ వేసేవాడే ఎప్పుడూ ఖరీదు అనుకోవడమూ తప్పే, వేయనివాడే ఎప్పుడూ ఖరీదు అనుకోవడమూ తప్పే. మొత్తాన్ని బట్టి తారుమారవుతుంది. మీకు 50 యూరోలే పంపాల్సి వస్తే బ్యాంకులో 56.93కి పైన 25 కలిపి 82 దాకా పోతుంది. 50 యూరోల నోట్లు ఛేంజర్ దగ్గర 57.75కి వస్తాయి, కమిషన్ లేదన్న బోర్డు అక్కడ నిజంగానే పనికొచ్చింది.

నాని

మరి ఆన్‌లైన్‌లో డబ్బు పంపే సంస్థలు "సెర్చ్‌లో చూసిన రేటే ఇస్తాం" అంటాయి కదా, వాళ్ళు ఎలా ఇస్తున్నారు? పాత డీలర్ గారు ఆ రేటుకి ఎవరూ అమ్మరన్నారు.

పాత డీలర్

మంచి ప్రశ్న వేశావు నానీ. వాళ్ళు లాభాన్ని రేటులోంచి తీసి బయట ఛార్జీగా రాస్తారు, అంతే. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. డాలర్లిచ్చి యూరోలు కావాలనేవాళ్ళూ, యూరోలిచ్చి డాలర్లు కావాలనేవాళ్ళూ ఇద్దరూ అదే సంస్థకి వస్తారు. రెండు వైపులా సర్దుబాటయినంత మేరకి వాళ్ళు మార్కెట్‌కి వెళ్ళాల్సిన పనే లేదు, మిగిలింది మాత్రమే కొంటారు. అందుకని ఖర్చు తగ్గుతుంది.

జాగ్రత్త ఏమిటంటే, కొందరు తమ సైటులోనే "మార్కెట్ రేటు" అని ఒక అంకె చూపించి దాని పక్కన తమ రేటు పెడతారు. ఆ మార్కెట్ రేటే కాస్త పెంచినది అయితే పోలిక అంతా వాళ్ళకి అనుకూలం. పోల్చే అంకె ఎప్పుడూ బయటినుంచి తెచ్చుకోవాలి.

చక్రి

చూశా. ఒక సంస్థలో 1.1000 రేటు, ఛార్జీ 14, మొత్తం 2214. బ్యాంకు కన్నా 55 తక్కువ. ఇదే చేద్దామనుకుంటుంటే కోర్సు వాళ్ళ ఫారంలో రెండు షరతులు కనిపించాయి. పంపినవాడి పేరు విద్యార్థి పేరే ఉండాలట, పూర్తి 2000 యూరోలు చేరాలట, ఒక్క యూరో తగ్గినా ఫీజు కట్టనట్టేనట.

పాత డీలర్

రెండూ అసలు సమస్యలే. ఇలాంటి సంస్థలు అవతలి దేశంలో తమ ఖాతా నుంచి చెల్లిస్తాయి కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఒక్కోసారి సంస్థ పేరే పడుతుంది. ముందు కోర్సు వాళ్ళని అడగండి, రిఫరెన్సులో మీ పేరు, విద్యార్థి నంబరు ఉంటే చాలంటారేమో.

బ్యాంకు ద్వారా అయితే రెండోది చూసుకోవాలి. మీ బ్యాంకుకీ వాళ్ళ బ్యాంకుకీ మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటే అది దారిలో కొంత కోసుకోవచ్చు. ఫారంలో ఛార్జీల దగ్గర OUR, SHA, BEN అని మూడు గడులుంటాయి. SHA పెడితే మధ్యలో కోత అవతలివాళ్ళకి చేరే డబ్బులోంచి పోతుంది, 2000 పంపితే 1985 చేరి మీ సీటు ఇరుక్కుంటుంది. OUR పెడితే ఆ ఖర్చు మీ దగ్గరే ముందుగా తీసుకుంటారు. ఈ ఖర్చు సెర్చ్‌లో గానీ, బ్యాంకు రేటు పట్టికలో గానీ ఎక్కడా కనిపించదు.

చక్రి

OUR అయితే ఇంకో 20 అంటున్నారు, అంటే 2289. అటు 2214. పేరు విషయం కోర్సు వాళ్ళకి మెయిల్ పెట్టా, జవాబు రాలేదు. గడువు ఇంకా ఉంది కాబట్టి ఆగుతా. మేనేజర్‌కి మాత్రం ఆ పదిహేను నిమిషాలు దాటిపోయాయని చెప్పాలి, రేపు మళ్ళీ అడిగితే 1.1220 ఇస్తాడో లేదో.

పాత డీలర్

అదే రేటు రాదు, అదే మార్జిన్ అడగండి. మార్కెట్ 1.1000 ఉన్నప్పుడు 1.1220 ఇచ్చాడంటే 2 శాతం. రేపు మిడ్ ఎంతుంటే దాని మీద అంతే వేయమనండి. ఆ మాట అన్నారంటే ఎదుటివాడు మీతో వేరేలా మాట్లాడతాడు.

హిమజ

నా బ్యాంకుకి మెయిల్ పెట్టాను, నిబంధనల్లో వాపసు గురించి ఏ లైనూ లేదు, అదే రాశాను. "పరిశీలిస్తున్నాం" అని వచ్చింది. ఇంతకుముందు ఎవరికైనా ఆ రుసుము వెనక్కి వచ్చిందా?